బరువును బట్టి లెక్క: పది స్క్రూల నుంచి ఐదు వేల స్క్రూల దాకా

సంచెడు స్క్రూలు ముందు పోసి ఎన్ని ఉన్నాయో చెప్పమంటే, హార్డ్‌వేర్ దుకాణంలో ఎవరూ ఒక్కొక్కటిగా లెక్కపెడుతూ కూర్చోరు. పది స్క్రూలు తీసి తూచి, ఆ బరువును పదితో భాగించి ఒక స్క్రూ బరువు తెలుసుకుంటారు. తరువాత సంచి మొత్తాన్ని తూచి, ఆ బరువును ఒక స్క్రూ బరువుతో భాగిస్తారు. ఐదో తరగతి పిల్లలకు కూడా అర్థమయ్యే ఈ లెక్కలో పొరపాటుకు చోటు లేదనిపిస్తుంది. అయినా ఇదే పద్ధతిలో ఇద్దరు మనుషులు ఒకే సంచిని తూచి, ఒకరు 4,600 అని, మరొకరు 5,900 అని చెప్పే అవకాశం ఉంది. ఇద్దరి భాగహారాలూ సరిగ్గానే ఉంటాయి. ఈ తేడా ఎక్కడ పుడుతుందో, దాన్ని ఎంతవరకు తగ్గించవచ్చో, ఎక్కడికి వచ్చాక ఇక తగ్గదో చూడాలంటే ఒక సంచిని తీసుకుని మొదటి నుంచి చివరిదాకా లెక్క వేయడమే మేలు.

మన దగ్గర 4 మిల్లీమీటర్ల మందం, 16 మిల్లీమీటర్ల పొడవు గల ఉక్కు స్క్రూల సంచి ఒకటి ఉందనుకుందాం. అలాంటి స్క్రూ ఒక్కొక్కటి సుమారు 2 గ్రాములు తూగుతుంది. కాటాలు రెండు ఉన్నాయి. ఒకటి 30 కిలోల దాకా తూచే దుకాణపు కాటా. అది 5 గ్రాముల మెట్లలో మాత్రమే బరువు చూపుతుంది. రెండోది నగల దుకాణాల్లో కనిపించే రకం చిన్న కాటా. 600 గ్రాములకు మించి తూచదు కానీ గ్రాములో నూరో వంతు దాకా చూపుతుంది. ఖాళీ సంచి బరువు తీసేయగా స్క్రూల బరువు పెద్ద కాటా మీద 10,340 గ్రాములు వచ్చింది.

చిన్న తూకంలోని తప్పు పెద్దదయ్యే తీరు

ముందు పెద్ద కాటాతోనే పని కానిద్దామనుకుని పది స్క్రూలను దాని పళ్లెంలో వేస్తే, తెర మీద 20 గ్రాములు అని కనిపిస్తుంది. కాటా 5 గ్రాముల మెట్లలో చూపుతుంది కాబట్టి అసలు బరువు 17.5 నుంచి 22.5 గ్రాముల మధ్య ఎక్కడున్నా తెర మీద కనిపించేది 20 మాత్రమే. అంటే ఒక స్క్రూ బరువు 1.75 గ్రాములు కావచ్చు, 2.25 గ్రాములూ కావచ్చు. మొదటి సంఖ్యతో 10,340ని భాగిస్తే 5,909 వస్తుంది. రెండో దానితో భాగిస్తే 4,596 వస్తుంది. పైన చెప్పిన ఇద్దరు మనుషుల తేడా ఇదే.

ఇక్కడ గమనించవలసిన సంగతి ఒకటుంది. సంచిని తూచడంలో రెండున్నర గ్రాముల తేడా వస్తే లెక్కలో పోయేది ఒకటో రెండో స్క్రూలు. అదే రెండున్నర గ్రాముల తేడా పది స్క్రూల తూకంలో వస్తే పోయేవి వందల్లో ఉంటాయి, ఎందుకంటే నమూనా బరువులో నూటికి ఎంత తప్పు ఉంటే చివరి లెక్కలోనూ నూటికి అంతే తప్పు ఉంటుంది. నమూనా చిన్నది కాబట్టి దాని తూకాన్ని తేలిగ్గా తీసుకోవడం మనుషులకు అలవాటు. నిజానికి కాటా నాణ్యత అంతా ఖర్చు పెట్టవలసింది ఆ నమూనా మీదే. అందుకే ఈ పని ఎక్కువగా చేసే చోట్ల రెండు కాటాలు వాడతారు: నమూనాకు సున్నితమైనది, సరుకుకు పెద్దది. లెక్కింపు కాటాలుగా అమ్మే యంత్రాలలో కొన్ని, తెర మీద చూపే మెట్ల కంటే ఎన్నో రెట్లు సన్నని మెట్లలో లోపల లెక్క కట్టుకోవడానికి కారణం కూడా ఇదే.

ఇప్పుడు అవే పది స్క్రూలను చిన్న కాటా మీద పెట్టగా 20.34 గ్రాములు వచ్చిందనుకుందాం. ఒక్కొక్కటి 2.034 గ్రాములు, సంచిలో 5,084 స్క్రూలు. కాటా తప్పు ఇప్పుడు లెక్కలోకి రానంత చిన్నది. కానీ లెక్క నిజంగా 5,084 అని ఇంకా చెప్పలేము, ఎందుకంటే తప్పుకు రెండో మూలం కాటాలో లేదు, స్క్రూలలో ఉంది.

ఒకేలా ఉన్నవి ఒకేలా తూగవు

ఆ పది స్క్రూలను ఒక్కొక్కటిగా తూచితే ఇలా వచ్చాయనుకుందాం: 2.03, 2.05, 2.01, 2.02, 2.06, 2.04, 2.03, 2.00, 2.05, 2.05. కంటికి అచ్చుగుద్దినట్టు ఉన్నా, తీగను తుంచే చోట పొడవులో వెంట్రుకవాసి తేడా, తల కొట్టే అచ్చు అరుగుదల, పైనున్న జింకు పూత మందం కలిసి బరువును అటూ ఇటూ జరుపుతాయి. ఈ హెచ్చుతగ్గులను కొలవడానికి గణాంకశాస్త్రంలో వాడే కొలత ప్రామాణిక విచలనం. దాన్ని పూర్తి సూత్రంతో కట్టవచ్చు కానీ, పది వస్తువులకైతే అంత శ్రమ అక్కరలేదు: అన్నిటికంటే బరువైన దానికీ తేలికైన దానికీ మధ్య తేడాను మూడుతో భాగిస్తే దాదాపు అదే సంఖ్య వస్తుంది. ఇక్కడ తేడా 0.06 గ్రాములు, అందులో మూడో వంతు 0.02 గ్రాములు, 2.03 గ్రాములలో అది నూటికి 1 వంతు. సూత్రంతో కట్టినా 0.96 శాతమే వస్తుంది. ఈ వ్యాసంలో ఇక ముందు దీన్ని ఒక శాతం హెచ్చుతగ్గు అనే అంటాను.

ఒక్కో స్క్రూలో ఒక శాతం తేడా ఉన్నప్పుడు పది స్క్రూల సగటులోనూ అంత తేడా ఉండదు. కొన్ని బరువుగా, కొన్ని తేలికగా ఉండి ఒకదాన్నొకటి కొంత కొట్టేసుకుంటాయి. ఎంత కొట్టేసుకుంటాయో నమూనా సంఖ్య వర్గమూలం చెబుతుంది. పది స్క్రూల సగటులో తప్పు ఒక శాతాన్ని పది వర్గమూలంతో, అంటే 3.16తో, భాగించగా వచ్చే 0.32 శాతం. ఐదు వేల స్క్రూల మీద అది 16 స్క్రూలు. ఈ 16ను గట్టి హద్దుగా భావించకూడదు: మూడింట రెండుసార్లు తప్పు ఇంతకు లోపు ఉంటుంది, దాదాపు ఎప్పుడూ దీనికి మూడు రెట్లకు, అంటే 48కి, లోపు ఉంటుంది.

పదికి బదులు వంద స్క్రూలు చేత్తో లెక్కపెట్టి తూచితే తప్పు 0.1 శాతానికి, అంటే 5 స్క్రూలకు దిగుతుంది. మన సంచిలో వంద స్క్రూలు 203.10 గ్రాములు తూగాయనుకుంటే ఒక్కొక్కటి 2.031 గ్రాములు, మొత్తం 5,091. తప్పును ఇంకా సగానికి తేవాలంటే రెండింతలు కాదు, నాలుగింతలు, అంటే 400 స్క్రూలు లెక్కపెట్టాలి. వర్గమూలం అనేది ఇలాంటి పిసినారి బేరమే చేస్తుంది. ఈలోగా పెద్ద కాటా కూడా తన వాటా అడుగుతుంది: ఖచ్చితత్వంలో మూడో తరగతికి చెందిన వాణిజ్య కాటాలకు తొలి తనిఖీలో, తనిఖీ మెట్టుకు రెండు వేల రెట్లు దాటిన బరువుల దగ్గర ఒకటిన్నర మెట్టు దాకా తప్పును అనుమతిస్తారు. మన సంచి బరువు 5 గ్రాముల మెట్టుకు రెండు వేల రెట్లను కాస్త దాటింది కాబట్టి ఆ తప్పు 7.5 గ్రాములు, సుమారు 4 స్క్రూలు. కనుక ఈ కాటాతో నాలుగు వందలు లెక్కపెట్టి నమూనాను సానబెట్టినా పెద్దగా ఒరిగేదేమీ లేదు.

దుకాణం అవసరాలలో చాలా వాటికి ఇక్కడితో ఆగిపోవచ్చు. సరుకు ఎంత మిగిలిందో చూసుకోవడానికి ఐదు వేలలో ఐదు అటూ ఇటూ అయితే ఎవరికీ ఇబ్బంది లేదు. స్క్రూలను 144 లెక్కన గ్రోసుగా అమ్మే చోట ఒక గ్రోసులో ఒక స్క్రూ తేడా కూడా ఈ పద్ధతిలో రావడం కష్టం. కానీ ఎన్ని పంపామో అన్నీ లెక్క చెప్పవలసిన సరుకు కొంత ఉంటుంది. అలాంటప్పుడు అడగవలసిన ప్రశ్న వేరే: తూకంతో ఒక్కటి కూడా తేడా లేకుండా ఖచ్చితంగా లెక్కపెట్టడం సాధ్యమేనా?

పూర్ణసంఖ్య చేసే మేలు

సాధ్యమే, కానీ సంచినంతా ఒకేసారి తూచి కాదు. ఈ పద్ధతిలో నాకు అన్నిటికంటే నచ్చిన భాగం ఇదే, యంత్రాలు అమ్మేవారు సైతం దీన్ని సరిగా వివరించరు. స్క్రూల సంఖ్య ఎప్పుడూ పూర్ణసంఖ్యే, 107.97 స్క్రూలు అనేది ఉండదు. భాగహారంలో 107.97 వచ్చిందంటే అవి 108 స్క్రూలే. తప్పు అర స్క్రూ కంటే తక్కువగా ఉన్నంతసేపూ దగ్గరి పూర్ణసంఖ్యకు సవరించగానే ఆ తప్పు మొత్తం తుడిచిపెట్టుకుపోతుంది, కాస్త తగ్గడం కాదు, మిగలదు. పైగా అలా తేలిన 108 స్క్రూలూ ఇప్పుడు చేత్తో లెక్కపెట్టినంత నమ్మకమైనవి కాబట్టి, వాటిని కూడా నమూనాలో కలుపుకుని ఒక స్క్రూ సగటు బరువును ఇంకా మెరుగ్గా కట్టవచ్చు.

మన సంచి మీద ఇది ఇలా నడుస్తుంది. చేత్తో లెక్కపెట్టిన వంద స్క్రూలు 203.10 గ్రాములు, సగటు 2.031. సంచిలోంచి మరో వంద ఉంటాయనిపించినన్ని తీసి చిన్న కాటా మీద వేస్తే 219.28 గ్రాములు వచ్చింది, భాగిస్తే 107.97, అంటే 108. ఇప్పుడు తెలిసినవి 208 స్క్రూలు, 422.38 గ్రాములు, సగటు 2.0307. మూడో విడతలో ఇంకాస్త ఎక్కువ తీశాము: 302.71 గ్రాములు, భాగిస్తే 149.07, అంటే 149. తెలిసినవి 357, సగటు 2.0311. నాలుగో విడతలో 391.78 గ్రాములు, భాగిస్తే 192.89, అంటే 193. ఇప్పటికి 550 స్క్రూలు తేలాయి, సగటు 2.0307 దగ్గర కుదురుకుంది. మొదట చేత్తో లెక్కపెట్టినవి వంద మాత్రమే.

విడతలను ఒక్కసారిగా పెంచేయకుండా మెల్లగా పెంచడానికి కారణం ఉంది. విడతలో వచ్చే తప్పుకు రెండు వాటాలు ఉంటాయి. ఇప్పటిదాకా తెలిసిన సగటులోని తప్పు ఒకటి. అది విడతలోని ప్రతి స్క్రూకూ ఒకే దిక్కులో పడుతుంది కాబట్టి విడత ఎంత పెద్దదైతే అంతగా పేరుకుంటుంది. ఆ విడతలోని స్క్రూల సొంత హెచ్చుతగ్గు రెండోది. అది విడత సంఖ్య వర్గమూలం మేరకు మాత్రమే పెరుగుతుంది. వంద నమూనా మీద వంద స్క్రూల విడత తీస్తే రెండు వాటాలూ కలిపి తప్పు 0.14 స్క్రూ, దానికి మూడు రెట్లు వేసుకున్నా 0.42, అంటే అర లోపే. అదే నమూనా మీద ఒకేసారి 200 తీస్తే తప్పు 0.25కు చేరుతుంది, రెండు రెట్లకే అర స్క్రూ నిండుతుంది, కాబట్టి అప్పుడప్పుడూ ఒకటి ఎక్కువో తక్కువో లెక్క పడుతుంది. తెలిసినవి 200 దాటాక 150 దాకా, 350 దాటాక 180కి కాస్త అటూ ఇటూగా తీయవచ్చు.

అయితే ఈ పెరుగుదలకు ఒక కప్పు ఉంది. సగటు బరువు ఏ తప్పూ లేకుండా తెలిసిపోయినా, విడతలోని స్క్రూల సొంత హెచ్చుతగ్గు మిగిలే ఉంటుంది. ఒక శాతం హెచ్చుతగ్గుతో 278 స్క్రూలు ఒకేసారి తూచితే ఆ వాటా ఒక్కటే మూడు రెట్లు కలిపి అర స్క్రూ అవుతుంది. అంతకు మించిన విడతలో ఎంత మంచి కాటా తెచ్చినా, ఎంత పెద్ద నమూనా తీసినా ఖచ్చితమైన సంఖ్య నమ్మకంగా రాదు. హెచ్చుతగ్గు సగమైతే, అంటే అర శాతమైతే, హద్దు నాలుగింతలై 1,100 దాటుతుంది. రెట్టింపై రెండు శాతమైతే 69కి పడిపోతుంది. పది వస్తువులను ఒక్కొక్కటిగా తూచి, తేడాను మూడుతో భాగించే ఆ రెండు నిమిషాల పని ఎందుకు మానకూడదో ఇప్పుడు తెలుస్తుంది: విడత ఎంత ఉండాలో చెప్పేది అదే.

కొన్నిసార్లు భాగహారం ఎటూ మొగ్గదు. మరో విడతలో 409.70 గ్రాములు వచ్చింది, భాగిస్తే 201.75. ఇది 202 కావడానికే అవకాశం ఎక్కువ, కానీ పందెం కాసేంత కాదు. అప్పుడు చేయవలసింది ఆ విడతను రెండుగా పంచి విడివిడిగా తూచడం. ఒక సగం 205.00 గ్రాములు, భాగిస్తే 100.95, రెండో సగం 204.70, భాగిస్తే 100.80. రెండూ 101 అనే చెబుతున్నాయి కాబట్టి మొత్తం 202. ఇలా సుమారు ఇరవై ఏడు తూకాలతో సంచి పూర్తవుతుంది. చివరకు 5,094 తేలిందనుకుంటే, వంద నమూనాతో కట్టిన 5,091 మూడు తక్కువ చెప్పింది, పది నమూనాతో కట్టిన 5,084 పది తక్కువ చెప్పింది. రెండూ మనం ముందే వేసుకున్న తప్పు అంచనాల లోపలే ఉన్నాయి.

లెక్కింపు కాటాలలో చాలా వాటికి నమూనాను తనంతట తాను పెంచుకునే ఏర్పాటు ఉంటుంది; అది చేసేది ఈ పనే. పది స్క్రూలు వేసి మీట నొక్కాక, దాదాపు మరో పది చేర్చితే యంత్రం ఇరవై అని గుర్తించి సగటును సవరించుకుంటుంది, ఆపైన నలభైకి, ఎనభైకి వెళ్తుంది. ఒకేసారి గుప్పెళ్లకొద్దీ పోస్తే సవరించుకోకుండా ఊరుకునే యంత్రాలు ఉన్నాయి. అది చెడిపోయినట్టు కాదు, జాగ్రత్తపడుతున్నట్టు. అయితే ఈ యంత్రాల తెర మీద ఒక లోటుంది. అవి సవరించిన పూర్ణసంఖ్యనే చూపుతాయి, 201.75 వచ్చినా 202 అని, 201.98 వచ్చినా 202 అని. పనికి వచ్చే సమాచారమంతా ఆ దశాంశాలలోనే ఉంది కాబట్టి, అనుమానం వచ్చినప్పుడు బరువు చదివి భాగహారం మనమే చేసుకోవాలి.

భిన్నాలు చెప్పే కథ, చెప్పని కథ

విడత విడతకూ మిగిలే భిన్నాలను పక్కన రాసుకుంటూ పోతే అవి చాలా సంగతులు చెబుతాయి. ఒకసారి కాస్త పైకి, ఒకసారి కాస్త కిందికి ఉంటే అంతా సవ్యంగా ఉన్నట్టు. భిన్నాలన్నీ ఒకే దిక్కున ఉండి, విడత పెద్దదైనప్పుడు పెద్దవవుతూ ఉంటే సగటు బరువు తప్పుగా ఉందన్నమాట. అన్నీ ఒకే దిక్కున, విడత పరిమాణంతో సంబంధం లేకుండా ఒకే అంత ఉంటే, తప్పు పళ్లెం బరువులోనో కాటా సున్నాలోనో ఉంది: పళ్లెం కింద ఒక వాషర్ ఇరుక్కున్నా ఇలాగే కనిపిస్తుంది.

భిన్నాలు పట్టుకోలేని తప్పు ఒకటుంది, అసలు ప్రమాదకరమైనది అదే. సంచిలో రెండు వేర్వేరు తయారీల సరుకు కలిసి, కింది సగంలోని స్క్రూలు ఒక శాతం తేలికగా ఉన్నాయనుకోండి. ఇది ఊహాగానం కాదు; ఇంత చిన్న స్క్రూ మీద ఎనిమిది మైక్రాన్ల జింకు పూత దాని బరువులో సుమారు ఒక శాతం ఉంటుంది, కాబట్టి పూత పలచబడినా మందమైనా సగటు కొంత జరుగుతుంది. తేలిక స్క్రూలు 200 తూచితే బరువు సరిగ్గా 198 మామూలు స్క్రూల బరువుకు సమానం అవుతుంది. భాగహారంలో 198.02 వంటి అందమైన సంఖ్య వస్తుంది, ఎవరికీ అనుమానం రాదు, రెండు స్క్రూలు మాయమవుతాయి. నమూనా ఎంత పెద్దదైనా అది పైసగం నుంచే తీసినదైతే ఈ తప్పును వర్గమూలం తగ్గించలేదు.

దీనికి విరుగుడు రెండు చోట్ల ఉంది. నమూనాను సంచి నోటి దగ్గర నుంచి కాక, సరుకును పళ్లెంలో గుమ్మరించి నాలుగైదు చోట్ల నుంచి తీయాలి. సంచి కుదుపులకు విరిగిన ముక్కలు, చిన్న వాషర్లు, ఇనుప రజను అడుగుకు చేరతాయి, తుప్పు పట్టకుండా పూసిన నూనె కూడా అక్కడికే జారుతుంది. పైనున్నవి అడుగున ఉన్న వాటి గురించి సరైన సాక్ష్యం చెప్పలేవు. రెండోది, సరుకు సగానికి వచ్చాక, మళ్లీ చివరి విడతల ముందు, ఒక 25 స్క్రూలను చేత్తో లెక్కపెట్టి తూచి చూడాలి. ఇరవై ఐదింటి సగటులో మామూలుగా ఉండే తప్పు 0.2 శాతమే కాబట్టి ఒక శాతం తేడా దాని ముందు స్పష్టంగా బయటపడుతుంది: మన స్క్రూలైతే 50.77 గ్రాములు రావలసిన చోట 50.26 వస్తుంది. అలా వచ్చినప్పుడు అక్కడి నుంచి సరుకును వేరే కుప్పగా భావించి సగటు కొత్తగా మొదలుపెట్టడమే సరైన పని. రెండు సగటుల మధ్య రాజీ కుదిర్చి ముందుకు పోతే రెండు కుప్పల లెక్కా చెడుతుంది.

కాగితాల సంగతి

కాగితాలలో కథ తిరగబడుతుంది. ఒకే చుట్ట నుంచి కోసిన ఏ4 కాగితాలలో ఒకదానికొకటి తేడా తక్కువ, కాబట్టి వర్గమూలాల బెడద పెద్దగా ఉండదు. బరువు కూడా పుస్తకంలో చూసి చెప్పవచ్చు: చదరపు మీటరుకు 80 గ్రాముల కాగితంలో 210 మిల్లీమీటర్ల వెడల్పు, 297 మిల్లీమీటర్ల పొడవు గల ముక్క 4.99 గ్రాములు, 500 కాగితాల రీమ్ 2,495 గ్రాములు. ఈ సౌలభ్యమే ఉచ్చు. పొట్లం మీద అచ్చువేసిన 80 అనేది మిల్లు లక్ష్యంగా పెట్టుకున్న సంఖ్య. అసలు కాగితం దానికి నూటికి రెండో మూడో పాళ్లు అటూ ఇటూ ఉండవచ్చు. రెండు శాతం తేడా అంటే రీమ్‌కు పది కాగితాలు, కనుక పొట్లం మీది సంఖ్యతో ఎప్పుడూ లెక్క కట్టకూడదు.

రెండో ఉచ్చు తేమ. కాగితం బరువులో సాధారణంగా నాలుగు నుంచి ఆరు శాతం నీరే. గాలిలో తేమ పెరిగితే పీలుస్తుంది, తగ్గితే వదిలేస్తుంది. కట్ట మధ్యలో ఉన్న కాగితాలకు గాలి తగలదు కాబట్టి అవి మారడానికి చాలా కాలం పడుతుంది, విడిగా బయట పెట్టిన కాగితం కొద్ది నిమిషాల్లోనే మారడం మొదలుపెడుతుంది. వానాకాలంలో ఇరవై కాగితాలు విడదీసి, విసిరి, లెక్కపెట్టి, బల్ల మీద ఉంచి, కాటా ఖాళీ అయ్యాక తూచితే ఆ ఇరవై కట్ట కంటే బరువెక్కి ఉంటాయి; ఒక శాతం ఎక్కినా ప్రతి 500కు ఐదు కాగితాలు తక్కువగా లెక్క తేలుతాయి. ఎయిర్ కండిషనర్ నడిచే గదిలో ఇది అటు తిరిగి, ఎక్కువగా తేలుతుంది. అందువల్ల నమూనాను కట్ట మధ్యలో నుంచి దిమ్మెగా లాగి, ముందు తూచి, తరువాత లెక్కపెట్టాలి. క్రమం మార్చడం తప్ప ఇందులో అదనపు శ్రమ లేదు. ఇరవై కాదు, వంద కాగితాల దిమ్మె తీస్తే అంచులూ పైనా కిందా ఉన్న కాగితాల ప్రభావం కూడా తగ్గుతుంది.

అచ్చయిన కాగితాలకు అచ్చుకాని కాగితాలను నమూనాగా తీయడం, పొట్లం రేపరును తీయకుండా తూచడం వంటివి పొరపాట్లని వేరే చెప్పనక్కరలేదు. ఖాళీ డబ్బాల విషయంలో మాత్రం ఒక మాట: ఒకే అచ్చులో పోసిన ప్లాస్టిక్ డబ్బాలు కూడా కొన్ని గ్రాముల తేడాతో వస్తాయి, కాబట్టి ఒక డబ్బా తూచి అదే బరువును అన్నిటికీ తీసేస్తే ఒక్కో డబ్బాకు ఒకటో రెండో స్క్రూలు తప్పుతాయి. ఏ డబ్బా బరువు దాని మీదే మార్కరుతో రాసుకోవడం తేలిక.

ఏది తూకానికి లొంగదు

తూకం చేతి లెక్కకు ఓడిపోయే సందర్భాలు రెండున్నాయి. వేర్వేరు వస్తువులు ఒకే పొట్లంలో ఉండటం మొదటిది. గోడకు బిగించే ఒక బ్రాకెట్, దానితో ఎనిమిది స్క్రూలు పొట్లంలో పెట్టి, ఒక స్క్రూ తగ్గిందో లేదో మొత్తం బరువు చూసి పట్టుకోవాలని ప్రయత్నిస్తారు. ఎనిమిది స్క్రూలు మాత్రమే ఉంటే ఒకటి లేకపోవడం పసిపిల్లవాడైనా పట్టుకోగలడు. 16 గ్రాములలో 2 గ్రాములు తగ్గుతాయి. కానీ బ్రాకెట్ 300 గ్రాములుండి అది 3 గ్రాములు అటూ ఇటూ అయ్యే రకమైతే, లేని స్క్రూ ఆ తేడాలో కలిసిపోతుంది. స్క్రూలను ముందు విడిగా తూచి తరువాత పొట్లంలో వేయడం తప్ప దీనికి కాటా మార్చినా ప్రయోజనం లేదు.

రెండోది పోతపోసిన వస్తువులు. ఇసుక అచ్చుల్లో పోసిన ఇనుప ముక్కలు ఐదు శాతం హెచ్చుతగ్గుతో వస్తే, ఖచ్చితంగా చెప్పగల విడత పరిమాణం పదకొండుకు పడిపోతుంది. పదకొండేసి చొప్పున తూచి భాగించేలోపు అదే మనిషి చేత్తో యాభై లెక్కపెట్టగలడు. అలాంటి సరుకుకు తూకం ఉజ్జాయింపు అంచనాకే పనికివస్తుంది. ఆ అంచనా పక్కన ఎంత తప్పు ఉండవచ్చో కూడా రాసి ఇస్తే తీసుకునేవాడు దాన్ని ఎంతవరకు నమ్మాలో తేల్చుకుంటాడు.